‘ఇంకొక్క ఆట’ అనిపించేది ఎవరు?

పేక ముక్కల దగ్గర, పాచికల దగ్గర మనసు మూడు రకాలుగా మోసపోతుంది. వాటిని గుర్తుపట్టడం ఎలా? బయటపడటం ఎలా?

తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడిపే ఒక నలభై ఐదేళ్ల వ్యక్తిని ఊహించుకోండి. శనివారం సాయంత్రం నలుగురు స్నేహితులతో కలిసి వికారాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌కు వెళ్లాడు. రాత్రి 9 గంటలకు మూడు ముక్కలాట మొదలైంది. జేబులో 20 వేలు ఉన్నాయి. ‘ఇవి పోతే లేచొస్తా’ అనుకునే కూర్చున్నాడు.

11 గంటలకల్లా 14 వేలు పోయాయి. అప్పుడు కుర్చీ మార్చాడు. కొత్త పత్తాల కట్ట తెప్పించాడు. ముక్కల్ని ఒకేసారి చూడకుండా ఒక్కో అంచూ మెల్లగా పైకి లేపుతూ చూడటం మొదలుపెట్టాడు. రెండు చిన్న ఆటలు కలిసొచ్చాయి. ‘ఇగ మొదలైంది’ అనుకున్నాడు. రెండు గంటలకు ఆ 20 వేలూ అయిపోయాయి. ఫోన్ తీసి ఇంకో 30 వేలు పంపించాడు. ‘పోయిన పైసలు వచ్చినంక ఒక్క నిమిషం కూసోను’ అన్నాడు. తెల్లవారుజామున 4 గంటలకు లేచేసరికి మొత్తం 50 వేలు పోయాయి.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. కానీ ఇలాంటి ఇల్లాలు అడిగే ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో వినిపించేదే. ‘దుకాణంలో ఒక్క రూపాయి తప్పు పోనియ్యడు. లెక్కంటే లెక్కే. గంత తెలివిగల్ల మనిషికి ఆడ ఏమైతది?’

తెలివి తక్కువై కాదు. పనిలో అతన్ని గెలిపించిన అలవాట్లే అక్కడ అతన్ని ఓడిస్తున్నాయి.

రాయి దగ్గర నేర్చింది పేక దగ్గర చెల్లదు

తాండూరు నాపరాయి నేలలో పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర బాగోలేదని గని వదిలేసేవాడు వ్యాపారం చేయలేడు. ఇంకాస్త తవ్వితే మంచి పలక దొరకొచ్చు. పైగా తవ్విన ప్రతి అడుగూ కింద ఏముందో కొంత చెబుతుంది. రంగు మారుతుంది, పగుళ్లు తగ్గుతాయి, పలక మందం తెలుస్తుంది. ఆ సమాచారం చూసి ముందుకెళ్లాలా, ఆగాలా అని తేల్చుకుంటాడు. కంది వేసిన రైతూ అంతే. ఒక ఏడు ఎండు తెగులు వస్తే మరుసటి ఏడు తెగులును తట్టుకునే రకం వేస్తాడు. అనుభవం పెరిగిన కొద్దీ పట్టు పెరుగుతుంది. ఓపిక పట్టినవాడికి ఫలితం దక్కుతుంది.

ఇరవై ఏళ్లు ఇలా బతికిన మనిషి మనసులో మూడు సూత్రాలు నాటుకుంటాయి. చేయి తిరిగితే ఫలితం నా మాట వింటుంది. ఏది కలిసొచ్చిందో గుర్తుపెట్టుకుంటే మళ్లీ కలిసొస్తుంది. మధ్యలో వదిలేస్తే పెట్టినదంతా దండగ.

పని దగ్గర ఈ మూడూ చాలావరకు నిజాలే. మూడు ముక్కలాట, అందర్ బాహర్, పాచికల దగ్గర మాత్రం మూడూ అబద్ధాలు. కారణం ఒక్కటే. గని తవ్విన కొద్దీ మనకు కొత్త సంగతి తెలుస్తుంది. పేక కట్టను కలిపి మళ్లీ పంచితే పోయిన ఆట గురించి దానికేమీ గుర్తుండదు. వందో ఆట కూడా మొదటి ఆటే. మనసు మాత్రం అక్కడా గని తవ్వుతున్నట్టే లెక్కలు వేస్తుంది.

మొదటి మోసం: ‘నా చేతిలోనే ఉంది’

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి బాగా ప్రసిద్ధి. కార్యాలయ ఉద్యోగులకు ఒక డాలర్ లాటరీ టికెట్లు అమ్మారు. కొందరిని తమ టికెట్ తామే ఎంచుకోమన్నారు. మరికొందరికి చేతికొచ్చింది ఇచ్చారు. లాటరీ తీయడానికి ముందు ‘మీ టికెట్ ఎంతకు అమ్ముతారు?’ అని అడిగారు. చేతికిచ్చినది తీసుకున్నవాళ్లు సగటున 2 డాలర్ల లోపే అడిగారు. తామే ఎంచుకున్నవాళ్లు 8 డాలర్లకు పైగా అడిగారు. గెలిచే అవకాశం అందరికీ ఒక్కటే. తర్వాతి ప్రయోగాల్లో అన్నిసార్లూ ఇంత పెద్ద తేడా రాలేదు గానీ, ఎంచుకునే అవకాశం, చేతికి ఏదో ఒక పని ఉన్నచోట ఫలితం మీద తమకు పట్టు ఉందనిపించడం జూదరుల్లో తరచూ కనిపించేదే. దీన్నే నియంత్రణ భ్రమ అంటారు.

పేకాట బల్ల ఈ భ్రమకు తగినట్టే ఉంటుంది. కట్ట కోయమని మనకే ఇస్తారు. ముక్కలు చూడాలా, బ్లైండ్ ఆడాలా మనమే తేల్చుకోవాలి. ఎంత వేయాలో మనదే నిర్ణయం. ఇన్ని నిర్ణయాల మధ్య అసలు సంగతి మరుగున పడుతుంది. చేతికి ఏ మూడు ముక్కలు వస్తాయన్నది వీటిలో దేని మీదా ఆధారపడదు.

పాచికల దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో టాక్సీ డ్రైవర్లు పాచికలాడే తీరును సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హెన్స్‌లిన్ గమనించి 1967లో రాశాడు. చిన్న అంకె కావాలంటే పాచికను మెత్తగా వేసేవారు, పెద్ద అంకె కావాలంటే గట్టిగా విసిరేవారు. మన జాతరలో పాచిక వేసే ముందు గుప్పిట్లో ఊదేవాళ్లు, ‘నేనే ఏస్తా’ అని డబ్బా లాక్కునేవాళ్లు చేసేది కూడా అదే.

గుడ్డ మీది లెక్క

సంతల్లో, జాతరల్లో ఆరు బొమ్మలున్న గుడ్డ పరిచి మూడు పాచికలు వేయించే ఆట చూసే ఉంటారు. నచ్చిన బొమ్మ మీద 10 రూపాయలు పెట్టాలి. ఆ బొమ్మ ఒక పాచిక మీద పడితే 10, రెండింటి మీద పడితే 20, మూడింటి మీదా పడితే 30 లాభం. పడకపోతే మన 10 పోతాయి.

వినగానే ఎవరికైనా ఇలా అనిపిస్తుంది. ‘ఆరు బొమ్మలు, మూడు పాచికలు. అంటే సగానికి సగం అవకాశం. పైగా రెండు పడితే డబుల్. ఇది మనకే లాభం.’

ఇప్పుడు నిజం లెక్క చూద్దాం. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. వాటిలో మన బొమ్మ ఒక్కసారీ పడనివి 125. ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడుసార్లూ పడేది 1. అంటే గెలిచే తీరులు 91 మాత్రమే. సగం కాదు, నూటికి 42. ఈ 216 తీరులూ ఒక్కోసారి వచ్చాయనుకుంటే మనకు వచ్చే లాభం 1,080 రూపాయలు, పోయేది 1,250. గుడ్డ పరిచినవాడికి మిగిలేది 170. అంటే పెట్టిన ప్రతి వంద రూపాయల్లో సుమారు 8 రూపాయలు వాడివే.

ఈ లెక్కలో ఏ బొమ్మ ఎంచుకున్నామన్నది ఎక్కడా లేదు. ఎవరు విసిరారన్నదీ లేదు. మెత్తగానా, గట్టిగానా అన్నదీ లేదు. పాచికలు నిజాయతీగా ఉన్నాయనుకుంటేనే ఈ లెక్క. బరువు మార్చిన పాచికలైతే చెప్పనే అక్కర్లేదు.

రెండో మోసం: ‘ఆ కుర్చీ కలిసొచ్చింది’

బయలుదేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారు, ఏ దిక్కుకు కూర్చున్నాం, పోయినసారి గెలిచినప్పుడు వేసుకున్న చొక్కా, జేబులో నిమ్మకాయ, గెలుస్తున్నప్పుడు ఎవరికీ అప్పు ఇవ్వకపోవడం. ఆట దగ్గర పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇవి పాటిస్తారు. ఇవి ఎలా పుడతాయి?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో ఎనిమిది పావురాలతో చేసిన ప్రయోగం వివరం రాశాడు. ఆకలితో ఉన్న పావురాన్ని గూటిలో పెట్టి, అది ఏం చేసినా చేయకపోయినా కొద్ది సెకన్లకోసారి గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి వాటిలో ఆరు పావురాలకు ఒక్కోదానికి ఒక్కో విచిత్రమైన అలవాటు పట్టుకుంది. ఒకటి గూట్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి తల పదేపదే ఒక మూలకు ఆడించింది. గింజలు వచ్చిన క్షణంలో అది ఏం చేస్తోందో, దానివల్లే గింజలు వచ్చాయన్నట్టు ఆ పనే మళ్లీ మళ్లీ చేసింది.

మన కథలోని వ్యక్తి కుర్చీ మార్చిన తర్వాత రెండు ఆటలు గెలిచాడు. కుర్చీ మార్చకపోయినా గెలిచేవాడేమో. కానీ మనసు గెలుపును, దానికి ముందు జరిగినదాన్ని ముడివేస్తుంది. తర్వాత ఓడితే కుర్చీని తప్పుపట్టదు, ‘పక్కనోడు లేచి పోయిండు, అందుకే చెడింది’ అంటుంది. నమ్మకం తప్పని తేలే దారి ఉండదు.

గెలుపులు, ఓటములు గుత్తులు గుత్తులుగా రావడం కూడా దీనికి తోడవుతుంది. ఇంట్లో ఒక నాణేన్ని 100 సార్లు ఎగరేసి బొమ్మ, బొరుసు వరుసగా రాసి చూడండి. ఒకే వైపు వరుసగా ఐదుసార్లు పడటం దాదాపు ఖాయం. ఆరుసార్లు పడినా వింత కాదు. ఇది అదృష్టమూ కాదు, దురదృష్టమూ కాదు. యాదృచ్ఛికం అంటేనే అలా ఉంటుంది. బల్ల దగ్గర ఐదు ఆటలు వరుసగా గెలిస్తే ‘ఈరోజు నాది’ అనిపిస్తుంది. ఐదు ఓడితే ‘ఇగ ఆరోది రాక తప్పదు’ అనిపిస్తుంది. చిత్రం ఏమిటంటే గెలిచినా ఓడినా మనసు చెప్పేది ఒక్కటే: లేవొద్దు.

మూడో మోసం: ‘పోయింది రాబట్టుకోవాలి’

మూడింటిలో ఇల్లు ముంచేది ఇదే. మొదటి రెండూ మనిషిని కూర్చోబెడతాయి. ఇది లేవనివ్వదు.

ఇప్పటికే పెట్టి, తిరిగి రానిదాన్ని చూసి తర్వాతి నిర్ణయం తీసుకోవడమే ఈ పొరపాటు. డబ్బిచ్చి కొన్నామని బాగోలేని సినిమాకు చివరిదాకా కూర్చోవడం, ఎండిపోయిన చేనుకు ‘ఇంత పెట్టినం కదా’ అని మరో మందు కొట్టడం ఈ కోవలోవే. అమెరికన్ పరిశోధకులు హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ఇలాంటి ఒక ప్రశ్న వేశారు. ఒక విహారానికి 100 డాలర్లు, మరో విహారానికి 50 డాలర్లు కట్టారు. రెండోదే మీకు ఎక్కువ ఇష్టం. రెండూ ఒకే రోజు పడ్డాయి, డబ్బు వెనక్కి రాదు. దేనికి వెళ్తారు? సగానికి పైగా జనం ఇష్టం తక్కువున్న 100 డాలర్ల విహారానికే వెళ్తామన్నారు. ఎటు వెళ్లినా పోయే డబ్బు 150 డాలర్లే. అయినా పెద్ద మొత్తం దండగవుతుందనే బాధే నిర్ణయించింది.

రాత్రి 11 గంటలకు మన కథలోని వ్యక్తి దగ్గర 6 వేలు మిగిలాయి. అప్పుడు అతని ముందున్న అసలు ప్రశ్న ‘14 వేలు ఎలా వస్తాయి?’ కాదు. ‘ఈ 6 వేలు ఇక్కడ పెట్టడం మంచిదా?’ అన్నదే. ఆ 14 వేలు అప్పటికే ఎదుటివాళ్ల జేబుల్లో ఉన్నాయి. అవి తనవే, కాసేపు బయటికి వెళ్లాయి అన్నట్టు మనసు చూస్తుంది.

ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. నిర్వాహకుడు ప్రతి ఆటలో మధ్యలో పడ్డ డబ్బు నుంచి నూటికి 5 కమీషన్ తీస్తాడనుకుందాం. సగటున ఆటకు 2 వేలు పోగవుతాయి. అంటే ఆటకు 100 రూపాయలు బల్ల మీద నుంచి శాశ్వతంగా వెళ్లిపోతాయి. గంటకు 20 ఆటలు. రాత్రి 9 నుంచి ఉదయం 4 దాకా 140 ఆటలు. మొత్తం 14 వేలు. ఆరుగురు ఆడితే, ఎవరి అదృష్టం ఎలా ఉన్నా, ఆరుగురూ కలిసి 14 వేలు ఓడి తీరాలి. పోయింది రాబట్టడానికి ఎక్కువసేపు కూర్చుంటే పెరిగేది ఆ కమీషనే. ఇక కట్టలో మోసం, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక్కణ్ని దోచడం లాంటివి ఈ లెక్కలో కలపనే లేదు.

కొందరు అందర్ బాహర్‌లో ‘ఓడిన ప్రతిసారీ రెట్టింపు వెయ్, ఒక్కటి తగిలితే మొత్తం వస్తది’ అని సలహా ఇస్తారు. 500తో మొదలుపెట్టి ఆరుసార్లు వరుసగా ఓడితే పోయేది 31,500. ఇదంతా చివరికి 500 లాభం కోసం. ఆరు వరుస ఓటములు అరుదేమీ కాదు. సగం సగం అవకాశమున్న ఆట 140 సార్లు ఆడితే, అలాంటి వరుస ఒక్కటైనా ఎదురవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

జూదం కథ మనకు కొత్త కాదు. మహాభారతంలో ధర్మరాజు సంపద ఓడాక ఆగలేదు. రాజ్యం, తమ్ముళ్లు, తాను, చివరికి ద్రౌపది. ప్రతి పందెమూ ముందు పోయినదాని కన్నా పెద్దదే. అంతటి ధర్మజ్ఞుడికే తప్పలేదంటే ఇది తెలివికి సంబంధించిన లోపం కాదని అర్థం చేసుకోవాలి.

రమ్మీ నైపుణ్యం ఆటే కదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అందులో నిజం ఉంది కూడా. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1967లో ఈ తేడానే చెప్పింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో, ఏది పారేయాలో తెలియాలి. అందుకే అది ప్రధానంగా నైపుణ్యం ఆట అన్నది. మూడు ముక్కలాట అలాంటిది కాదు, పూర్తిగా అదృష్టం మీద నడిచేది అన్నది.

అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన భ్రమ తగ్గదు. మరింత పెరుగుతుంది. ఒక ఆట గెలిస్తే ఎంత నైపుణ్యం వల్ల, ఎంత మంచి ముక్కలు పడటం వల్ల అన్నది విడదీయడం కష్టం. గెలుపంతా తన ఖాతాలో, ఓటమంతా ముక్కల ఖాతాలో వేసుకోవడం సులువు. పైగా నైపుణ్యం పనికొచ్చేది ఎదుటివాళ్లకన్నా ఎక్కువ ఉన్నప్పుడు, కమీషన్‌ను మించి ఉన్నప్పుడే. తెల్లవారుజామున 3 గంటలకు, నిద్రమత్తులో, పోయినదాని కోసం ఆడేవాడికి ఉన్న నైపుణ్యం కూడా మిగలదు.

చట్టం సంగతి వేరు. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, రమ్మీతో సహా, నిషేధించింది. ఫామ్‌హౌస్‌లో అయినా, ఫోన్‌లో అయినా పట్టుబడితే కేసు భారం కూడా తోడవుతుంది.

మూడింటికీ మూడు విరుగుళ్లు

‘రేపటి నుంచి ఆడను’ అని ఒట్టు పెట్టుకోవడం దాదాపు అందరూ చేసేదే. అది బల్ల దగ్గర నిలబడదు. ఎందుకంటే అక్కడ నిర్ణయం తీసుకునేది ఒట్టు పెట్టుకున్న మనసు కాదు, ఓడి మండుతున్న మనసు. అందుకే నిర్ణయాల్ని బల్ల దగ్గర్నుంచి బయటికి తేవాలి.

నియంత్రణ భ్రమకు: డబ్బు లేకుండా ఇంట్లోనే పరీక్షించి చూడండి. పిల్లల పచ్చీసు పెట్టెలోని పాచిక తీసుకోండి. 60 సార్లు ఆరు పడాలని గట్టిగా అనుకుంటూ మీకు నచ్చిన పద్ధతిలో విసరండి. మరో 60 సార్లు ఏమీ అనుకోకుండా ఎవరితోనైనా వేయించండి. ఎన్ని ఆర్లు పడ్డాయో రెండుసార్లూ రాయండి. సగటున పది పడాలి, ఐదు నుంచి పదిహేను మధ్య ఎంత వచ్చినా మామూలే. మీ పద్ధతికి నిజంగా బలముంటే ఎన్నిసార్లు చేసినా మీ వైపే ఎక్కువ రావాలి. మళ్లీ చేసి చూడండి. వినడం కన్నా చేత్తో చేసి రాసుకున్నది మనసులో బాగా నిలుస్తుంది.

నమ్మకాలకు: గుర్తుంచుకోవద్దు, రాయండి. జూదరులు ఓటముల్ని మర్చిపోతారనుకుంటాం. అమెరికన్ పరిశోధకుడు థామస్ గిలోవిచ్ 1983లో గమనించింది వేరు. వాళ్లు ఓటముల గురించే ఎక్కువ మాట్లాడతారు, కానీ ‘ఆ ఒక్కటి జరగకపోతే గెలిచేవాణ్ని’ అని వివరణలిచ్చి వాటిని గెలుపు పక్కన చేర్చేస్తారు. వివరణకు చోటు లేని పుస్తకం కావాలి. నాలుగే గడులు: తేదీ, ఇంటి నుంచి తీసుకెళ్లింది (ఫోన్‌లో పంపినదీ, అప్పు తెచ్చినదీ కలిపి), తిరిగి తెచ్చింది, గడిపిన గంటలు. గడిచిన ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే చిట్టా తీసి వెనకటి రోజులు కూడా నింపండి. చివర కూడిక వేయండి. ‘కలిసొచ్చిన చొక్కా’ ఆ కూడికలో ఎక్కడా కనిపించదు.

పోయినదాని వెంట పడటానికి: ఇక్కడ రెండు పనులు కావాలి. ఒకటి, ఒక ప్రశ్న అలవాటు చేసుకోవాలి. ‘నేను ఇప్పుడే ఈ గుమ్మంలో అడుగుపెట్టాను. ఇంతవరకు నాది ఒక్క రూపాయీ పోలేదు. చేతిలో ఉన్న ఈ డబ్బు ఈ బల్ల మీద పెడతానా?’ కాదని జవాబొస్తే, 14 వేలు పోయినా జవాబు మారకూడదు. రెండు, దారులు ముందే మూసేయాలి. రాబట్టే ఆలోచన పుట్టాక డబ్బు చేతికందకూడదు. బ్యాంకు యాప్‌లో రోజువారీ యూపీఐ పరిమితిని బాగా తగ్గించుకోవచ్చు. ఏటీఎం కార్డు ఇంట్లో వదిలేయాలి. బల్ల దగ్గర అప్పిచ్చే స్నేహితుడికి పగటిపూటే, మామూలు మనసుతో ఉన్నప్పుడే, ‘రాత్రి నేనెంత అడిగినా ఇవ్వొద్దు’ అని చెప్పాలి. పోయిన మొత్తాన్ని పుస్తకంలో రాసి కింద గీత గీసి, పాలిషింగ్ యూనిట్‌లో విరిగిన పలకల ఖర్చు రాసినట్టు, నష్టం కింద మూసేయాలి. దాన్ని సంపాదనతో పూడ్చుకోవాలి, పేకతో కాదు.

పండగకి సరదాగా ఆడేవాళ్లకు ఈ మూడింటితో సరిపోవచ్చు. అలవాటు ముదిరినవాళ్లకు కొంచెం కొంచెంగా ఆడటం సాధారణంగా సాధ్యపడదు. పూర్తిగా మానడమే మేలు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

ఎక్కువ ఇళ్లలో మొదట జరిగేది అప్పు తీర్చడం. నగలు కుదువపెట్టో, చెల్లెలి పెళ్లికి దాచింది తీసో ‘ఇదే చివరిసారి’ అని చేతికిస్తారు. అప్పు తీరగానే అతని మనసులో నమోదయ్యేది ‘ఎలాగో గట్టెక్కాను’ అనే గెలుపు. తీర్చక తప్పకపోతే డబ్బు అతని చేతికివ్వకుండా అప్పిచ్చినవాడికే నేరుగా ఇవ్వండి. దానికి బదులుగా ఖాతాల అజమాయిషీ కొంతకాలం మరొకరి చేతికి రావాలి. అప్పుల జాబితా మొత్తం ఒకేసారి కాగితం మీద పెట్టించండి. దాచిన ఒక్క అప్పే మళ్లీ బల్ల దగ్గరికి తీసుకెళ్తుంది.

తెల్లవారుజామున ఇంటికి చేరిన మనిషితో అప్పుడే గొడవపడితే ఉపయోగం లేదు. నిద్రపోనిచ్చి, మధ్యాహ్నం పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. తాయెత్తులు కట్టించడం, గ్రహశాంతి చేయించడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ ‘గ్రహం మారితే కలిసొస్తుంది’ అనే మాట అతని జబ్బుకు ఇంకాస్త బలమే ఇస్తుంది.

ఎప్పుడు డాక్టర్‌ని కలవాలి?

జూద వ్యసనాన్ని అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో మద్యం, మత్తు పదార్థాల వ్యసనాల వరుసలోనే చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఇది ఉంది. అంటే ఇది దురలవాటు మాత్రమే కాదు, చికిత్స ఉన్న సమస్య.

తొలి గుర్తింపుకు వైద్యులు వాడే రెండు ప్రశ్నలు ఎవరైనా వేసుకోవచ్చు. మునుపటి కన్నా ఎక్కువ ఎక్కువ డబ్బు పెట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారన్న విషయంలో మీకు ముఖ్యమైనవాళ్లతో అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? రెండింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా మానసిక వైద్యుణ్ని కలవడం మంచిది. ఆడకపోతే చిరాకు, నిద్రలేమి, పని మానేసి ఆటకు పోవడం, ఓడిన మర్నాడే రాబట్టుకోవడానికి వెళ్లడం కూడా హెచ్చరికలే.

చికిత్సలో ప్రధానమైనది ఆలోచన, ప్రవర్తనల్ని సరిచేసే కౌన్సెలింగ్. పైన చెప్పిన మూడు భ్రమల్నీ రోగి సొంత మాటల్లోంచే బయటికి తీసి, ఒక్కోదాన్నీ పరీక్షకు పెట్టడం అందులో ముఖ్య భాగం. తోడుగా మద్యం అలవాటు, కుంగుబాటు ఉంటే వాటికీ వైద్యం చేయాలి. అవసరాన్ని బట్టి కొందరికి మందులు కూడా వాడతారు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పార్కిన్సన్ వ్యాధికి ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడేవారిలో కొందరికి కొత్తగా జూదం కోరిక పుట్టొచ్చు. ఎప్పుడూ పేక ముట్టని తాత హఠాత్తుగా ఆడటం మొదలుపెడితే తిట్టకుండా డాక్టర్‌కు చెప్పండి. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వ్యసనాలకు చికిత్స దొరుకుతుంది. అంతదూరం వెళ్లే ముందు ఇంటి నుంచే మాట్లాడాలంటే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. అప్పుల భారంతో ‘ఇక నేనుండి ఏం లాభం’ అనే మాట నోటి వెంట వచ్చిందంటే దాన్ని బెదిరింపుగా తీసుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, అప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి లేదా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ ఆ ఇల్లాలి ప్రశ్న దగ్గరికి వద్దాం. ‘గంత తెలివిగల్ల మనిషికి ఆడ ఏమైతది?’ దుకాణంలో అతను ప్రతి రూపాయికీ లెక్క రాస్తాడు. బల్ల దగ్గర లెక్క రాయడం మానేసి నమ్మడం మొదలుపెడతాడు. ఆ నాలుగు గడుల పుస్తకాన్ని దుకాణం గల్లాపెట్టెలోనే ఉంచితే, ఏ లెక్క ఎక్కడ తప్పుతోందో అతనికే కనిపిస్తుంది.